లడ్డు, ఇత్తడి, బంతిపూలు: దీపావళి మిఠాయి అంగడికి ప్రకటన ఫొటో తీసే విధానం

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక మిఠాయి అంగడి ఉంది. దీపావళికి ముందు వాళ్లకు ఒక ఫొటో కావలసి వచ్చింది. అంగడి ముందు కట్టే ఫ్లెక్సీకీ అదే, వాట్సాప్ స్టేటస్‌కూ అదే. ఇత్తడి పళ్లాల్లో స్వీట్లు, చుట్టూ దీపాలు, వెనక బంతిపూల దండలు ఉండాలని అడిగారు. సరేనని అడిగినవన్నీ పేర్చి తీశాను. కెమెరా స్క్రీన్ మీద ఫొటో చూసిన అంగడి ఆయన వాళ్లమ్మ, ఆ అవ్వ, ఒకే మాట అన్నది: "అన్నీ పచ్చగానే ఉండాయి గదా నాయనా, లడ్డు యాడుంది?"

ఆ అవ్వ చెప్పింది నిజం. ఇత్తడి పసుపు, బంతిపూలు పసుపు, దీపం వెలుగు పసుపు, లడ్డూ పసుపే. చేత్తో పట్టుకుని చూసేటప్పుడు మన కన్ను వాటిని విడదీసుకుంటుంది, ఫొటోలో అవన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. ఈ రకం ఫొటోలో అసలు కష్టం ఇదే. వెచ్చదనం కనిపించాలంటే పక్కన వెచ్చగా లేనిది కొంచెం ఉండాలి: కొంత నలుపు, కొంత ఆకుపచ్చ, కొంత తెలుపు. ఇక్కడ చెప్పేదంతా ఆ మూడింటినీ ఎక్కడ పెట్టాలి, వెలుగును ఎలా పట్టుకోవాలి అన్న దాని గురించే. నా దగ్గర ఉన్నది మామూలు కెమెరా, 50 ఎంఎం లెన్స్. ప్రో మోడ్ ఉన్న ఫోనూ ట్రైపాడూ ఉన్నా సరిపోతుంది.

ముందు కొలత, తర్వాతే పళ్లెం

ఫ్లెక్సీ పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు. స్టేటస్ నిలువుగా, 9:16లో ఉంటుంది. ఒకే ఫొటోను రెండింటికీ కత్తిరిద్దామనుకుంటే రెండూ చెడతాయి. పళ్లాలు కదపకుండా, ట్రైపాడ్ మీద కెమెరాను ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తిప్పి విడివిడిగా తీసుకోవాలి. అడ్డం ఫొటోలో ఎడమవైపు మూడో వంతు ఖాళీగా, చీకటిగా వదలాలి. అంగడి పేరు అక్కడికి వస్తుంది. ఈ ఖాళీ వదలకపోతే డిజైన్ చేసే అబ్బాయి అక్షరాలను తెచ్చి నేరుగా దండల మీద వేస్తాడు, వాటిని ఎవరూ చదవలేరు.

ఫోనుతో తీసేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 4000 పిక్సెల్స్ ఉంటుంది. పది అడుగులంటే 120 అంగుళాలు, అంటే అంగుళానికి 33 పిక్సెల్స్ వస్తాయి. రోడ్డు అవతలి నుంచి చూసేవాళ్లకు ఇది చాలు. అంగడి మెట్లెక్కుతూ చూసేవాళ్లకు మాత్రం లడ్డు బూందీ మసకగా కనిపిస్తుంది. ఫోనులో 48 లేదా 50 మెగాపిక్సెల్ మోడ్ ఉంటే ఈ ఒక్క ఫొటోకు అది వాడండి. ట్రైపాడ్ ఉంది కాబట్టి వెలుగు తక్కువైనా ఫొటో అదరదు.

కింద కడప బండ, మధ్యలో ఆకు

మొదటిసారి నేను కింద ధర్మవరం పట్టుచీర పరిచాను. మెరూన్ రంగు, పెద్ద జరీ అంచు. చీర బాగుంది, కానీ జరీ కూడా బంగారు రంగే, ఇత్తడితో అదీ పోటీ పడింది. రెండోసారి చీర తీసేసి, అంగడి వెనక గోడకు ఆనించి ఉన్న కడప బండను ఎత్తి బల్ల మీద వేశాం. ముగ్గురు కావాలి, చాలా బరువు. పాలిష్ పట్టని బండ నల్లటి బూడిద రంగులో ఉంటుంది, మెరవదు, అందులో ఎరుపు పసుపుల ఛాయ ఉండదు. దాని మీద ఇత్తడి పెట్టగానే అంచు గీత గీసినట్టు విడిగా కనిపించింది. పాలిష్ పట్టిన బండ అయితే దీపాల ప్రతిబింబాలు కింద మెరుస్తాయి. అదీ అందమే గానీ, అక్షరాల కోసం వదిలిన చోట కూడా మెరుపులు వస్తాయి. అందుకే నేను పాలిష్ లేనిదే తీసుకుంటాను.

ఇక ఆకు. లడ్డును ఎప్పుడూ నేరుగా ఇత్తడి మీద పెట్టకండి. రెండింటి రంగూ దాదాపు ఒకటే కాబట్టి లడ్డు అంచు పళ్లెంలో కలిసిపోతుంది. పళ్లెం మధ్యలో అరటాకు ముక్కను గుండ్రంగా కోసి వేయండి, పళ్లెం అంచు రెండు వేళ్ల వెడల్పున బయటికి కనిపించాలి. లడ్డు ఆకు మీద కూర్చుంటుంది, చుట్టూ ఇత్తడి వలయం ఉంటుంది. అవ్వ అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

దండలకూ ఇదే వర్తిస్తుంది. బంతిపూలు ఒక్కటే గుచ్చిన దండ ఫొటోలో నారింజ రంగు పట్టీలా ఉంటుంది. మన గుమ్మాలకు మామిడాకులు, బంతిపూలు కలిపి కడతాం కదా, ఫొటోకు కావలసింది సరిగ్గా అదే. పూలు కట్టే ఆమెకు "నాలుగు పూలకు ఒక ఆకు" అని చెబితే చాలు. మూడడుగుల వెడల్పు బల్లకు నాలుగు మూరల దండలు రెండు సరిపోతాయి. ఒకటి ముదురు నారింజ, ఒకటి పసుపు తీసుకోండి. పసుపు దండ లడ్డు పళ్లెం వెనక రాకూడదు, అది కాజు కట్లీ వెనక ఉండాలి. లడ్డు వెనక ముదురు నారింజ దండ, అదీ అడుగున్నర దూరంలో వేలాడాలి. అప్పుడు పూలు కొంచెం మసకబారి, లడ్డు ముందుకు వస్తుంది.

ఏ స్వీట్లు, ఎన్ని

అంగట్లో నలభై రకాలుంటాయి. యజమానికి అన్నీ పెట్టాలని ఉంటుంది. మూడు చాలని ఒప్పించండి. మేం పెట్టినవి బూందీ లడ్డు, కాజు కట్లీ, కజ్జికాయలు. వీటిని రుచి చూసి ఎంచుకోలేదు, రంగు చూసి ఎంచుకున్నాం. లడ్డు పసుపు, కట్లీ తెలుపు, కజ్జికాయ గోధుమ రంగు. కట్లీని నేరుగా ఇత్తడి మీద పెట్టవచ్చు, తెలుపుకూ ఇత్తడికీ బాగా కుదురుతుంది. దానికింకో పని కూడా ఉంది, కెమెరా సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

లడ్డు పెద్ద తాంబాళంలో ముందు ఉంటుంది. మిగతా రెండూ చిన్న పళ్లాల్లో వెనక, కొంచెం ఎత్తులో ఉంటాయి. ఎత్తుకు కింద చెక్క పీట చాలు. లడ్డూలు ముప్పై తెప్పించుకుని, బూందీ గింజ విడివిడిగా కనిపించేవి, ఒకే పరిమాణంలో ఉన్నవి పదకొండు ఏరండి. జీడిపప్పు, కిస్‌మిస్ పైకి కనిపించేవి ముందు వరసలోకి. గంట తర్వాత లడ్డు పైభాగం ఆరి పొడిగా కనిపిస్తుంది. అప్పుడు చిన్న బ్రష్‌తో కరిగిన నెయ్యి, కిటికీ వైపున్న భాగానికి మాత్రమే రాయాలి. అంతా రాస్తే ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తుంది.

ఇత్తడిని తోమడం, ఇత్తడిని వెలిగించడం

పళ్లాలు ముందు రోజే తోమించండి. చింతపండు, ఉప్పు చాలు. అయితే చింతపండు పులుసులో చాలాసేపు నానబెడితే ఇత్తడి పైన ఎర్రటి ఛాయ వస్తుంది. పులుపుకు పైపొరలోని జింక్ పోయి రాగి మిగలడం వల్ల అలా అవుతుంది. రుద్దడం, కడగడం, వెంటనే పొడి గుడ్డతో తుడవడం, ఇవన్నీ ఒక్క ఊపులో అయిపోవాలి. నీటిబొట్టు ఆరిన చోట మచ్చ పడుతుంది, అది ఫొటోలో ముఖం మీద మొటిమలా కనిపిస్తుంది. తుడిచాక పళ్లాన్ని గుడ్డతోనే పట్టుకోవాలి, వేలిముద్రలు కూడా పడతాయి.

వెలిగించడం ఇంకా ముఖ్యం. మెరిసే ఇత్తడి అద్దం లాంటిది, ఎదురుగా ఉన్నదాన్ని తిప్పి చూపిస్తుంది. ఎదురుగా ట్యూబ్‌లైట్ ఉంటే పళ్లెంలో తెల్లటి గీత పడుతుంది. నేను ఎర్రచొక్కా వేసుకుంటే పళ్లెంలో ఎర్రటి మరక. మొదటి ఫొటోలో ఆ మరకను అందరం కుంకుమ అనుకున్నాం. అప్పటి నుంచి ఇత్తడి పనికి నల్ల చొక్కానే వేసుకుంటున్నాను.

కాబట్టి ఇత్తడి మీద లైటు వేయకండి, ఇత్తడికి ఎదురుగా ఉన్నవాటిని సరిచేయండి. కిటికీ ఎడమవైపు ఉంటే, దానికి తెల్లటి పంచె అడ్డంగా కట్టాలి. వెలుగు మెత్తగా వస్తుంది, పళ్లెంలో కిటికీ ఊచల నీడలు కనిపించవు. కుడివైపు, పళ్లానికి అడుగు దూరంలో తెల్లటి థర్మోకోల్ షీట్ నిలబెట్టాలి, లడ్డు నీడవైపు కొంచెం తేరుకుంటుంది. తర్వాత కెమెరా కిందుగా, ఫ్రేములోకి రాకుండా ఒక నల్ల చార్టు పెట్టండి. పళ్లెం ముందు అంచులో ఆ నలుపు సన్నని గీతగా పడుతుంది. ఆ గీత వల్లే అది లోహమని తెలుస్తుంది. తెలుపు ఒక్కటే ప్రతిబింబించే ఇత్తడి పసుపు కాగితంలా ఉంటుంది.

ఇంకా ఎక్కడైనా మెరుపు కొడుతుంటే పళ్లెం వెనక అంచు కింద మడిచిన గుడ్డ పెట్టి అర అంగుళం లేపండి. మెరుపు జారిపోతుంది. పోలరైజర్ ఫిల్టర్ కొనమని ఎవరైనా చెబితే ఈ పనికి వద్దు. నీళ్ల మీద, గాజు మీద మెరుపును అది తగ్గిస్తుంది గానీ లోహం మీద పనిచేయదు.

దీపాలు

ఐదు చాలు. వెనక వరసలో రెండు ఇత్తడి కుందులు, పక్కల మూడు మట్టి ప్రమిదలు. మట్టి ప్రమిద ఎందుకంటే, అన్నీ మెరిసే చోట మెరవనిది ఒకటి ఉంటే కంటికి ఊపిరి ఆడుతుంది. లడ్డుకు ముందు దీపం పెట్టకండి, మంట తెల్లగా కొట్టి చూపంతా అక్కడికే లాగుతుంది. వెనకా పక్కలా ఉంటే ఆ వెలుగు పళ్లెం అంచుల్లో చిన్న చిన్న చుక్కలుగా పడుతుంది.

వత్తి చివర పావు అంగుళం మించి బయటికి రాకూడదు. పొడుగు వత్తి మంట ఊగుతుంది, పొగ వస్తుంది, పొగ వెళ్లి కాజు కట్లీ మీది వెండిరేకుపై నల్లగా కూర్చుంటుంది. ఫ్యాను ఆపాలి. కడపలో అక్టోబరులో కూడా ఫ్యాను లేకుండా పది నిమిషాలుండటం పరీక్షే, కానీ వేరే దారి లేదు. దండకూ మంటకూ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉంచండి, బల్ల కింద బకెట్ నీళ్లు పెట్టుకోండి.

కెమెరా వెచ్చదనాన్ని ఎందుకు తీసేస్తుంది

కెమెరాను ఆటోలో వదిలేస్తే అది ఈ దృశ్యాన్ని చూసి, "వెలుగు మరీ పచ్చగా ఉంది, సరిచేయాలి" అనుకుంటుంది. దాంతో కట్లీ నీలిగా, బంతిపూలు నిమ్మపండు రంగులో వస్తాయి. మనం ఇంత కష్టపడి పేర్చిన వెచ్చదనాన్ని అది తీసేస్తుంది.

అందుకే వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో పెట్టాలి. దీపం వెలుగు సుమారు 1900 కెల్విన్, పగటి వెలుగు సుమారు 5500. ప్రో మోడ్‌లో `WB` నొక్కి 5500 దగ్గర ఉంచితే కిటికీ వెలుగులో ఉన్న స్వీట్లు సహజమైన రంగులో, దీపాల చుట్టూ ఉన్నది ముదురు బంగారు రంగులో వస్తుంది. ఇంకొంచెం వెచ్చగా కావాలంటే అంకె పెంచాలి, తగ్గించకూడదు. చాలామంది ఇక్కడ తికమక పడతారు. మీరు కెమెరాకు చెబుతున్నది అక్కడ వెలుగు ఎలా ఉందో. అది అంతకంటే నీలంగా ఉందని చెబితే కెమెరా దానికి పసుపు కలుపుతుంది.

ఎంతవరకు పెంచాలి? కాజు కట్లీని చూడండి. దాని రెండో పని ఇదే. అది వెన్న రంగులో ఉన్నంతవరకు ఫర్వాలేదు. పసుపు తిరిగి, నాలుగు రోజుల పాత సరుకులా కనిపించిందంటే హద్దు దాటారు. వెండిరేకు బంగారు రేకులా మారినా అంతే. నాకు 5900 దగ్గర సరిపోయింది.

గదిలో ట్యూబ్‌లైట్లు అన్నీ ఆర్పాలి. వాటి వెలుగు నీలిగా ఉండి ఇత్తడి నీడల్లో చచ్చిన రంగు తెస్తుంది. పక్క గది లైటు తప్పనిసరిగా వెలగాల్సి వస్తే, షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వేగాల్లో నల్లటి పట్టీలు పడవు.

పదిహేను నిమిషాల పని

మేం మధ్యాహ్నమంతా పేర్చాం. తీసింది మాత్రం సాయంత్రం పదిహేను నిమిషాలు. నాలుగున్నరకు కిటికీ వెలుగు ఎక్కువగా ఉండి దీపాలు ఆర్పినట్టే కనిపించాయి. ఆరు దాటాక కిటికీ నీలమై, స్వీట్ల మీద వెలుగు లేక దీపాలు మాత్రమే మిగిలాయి. రెండింటికీ మధ్య, పొద్దు గుంకే వేళ, కిటికీ వెలుగూ దీపం వెలుగూ తూకంలోకి వస్తాయి. ఎప్పుడని గడియారం చూసి చెప్పలేం, మబ్బు ఉంటే ఇంకా ముందే వస్తుంది. అందుకే ఐదుంబావు నుంచి ప్రతి రెండు నిమిషాలకు ఒకటి తీస్తూ పోయాను. కెమెరా కదల్లేదు, కిటికీ వెలుగు తగ్గుతున్నకొద్దీ షట్టర్ మాత్రమే మార్చాను.

చివరికి వాడిన ఫొటో ISO 400, ఎపర్చర్ 5.6, షట్టర్ 1/15. కెమెరా పళ్లాలకు నలభై డిగ్రీల కోణంలో ఉంది. ఫోను అయితే దగ్గరికెళ్లి వైడ్ లెన్స్‌తో తీయకండి, ముందు పళ్లెం సాగి కోడిగుడ్డులా అవుతుంది. రెండడుగులు వెనక్కి వచ్చి 2x లెన్స్‌తో తీయండి.

ఒక జాగ్రత్త. ముదురు నారింజ బంతిపూలు కెమెరాను మోసం చేస్తాయి. మొత్తం ఫొటో సరైన వెలుగులో ఉన్నట్టే ఉంటుంది గానీ పూలలో ఎరుపు ఒక్కటే హద్దు దాటి, రేకుల గీతలు పోతాయి. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ ఉంటే ఎరుపు గీత కుడి గోడకు గుద్దుకోవడం కనిపిస్తుంది. ఫోనులో అది లేకపోతే ఒక పువ్వును బాగా జూమ్ చేసి చూడండి. రేకులు విడిగా కనిపించక రంగు పూసినట్టు ఉంటే, ఎక్స్‌పోజర్‌ను -0.7కు దించి మళ్లీ తీయాలి. చీకటైన లడ్డును తర్వాత ఎడిటింగ్‌లో లేపవచ్చు. పోయిన రేకులు మాత్రం తిరిగి రావు.

ఎడిటింగ్‌లో చేసేది తక్కువే

ఫొటోను `RAW`లో తీసి ఉంటే ఇక్కడ పని సులువు. నేను చేసినవి మూడే. లడ్డు పళ్లెం ఉన్న చోటును మాత్రం కొంచెం వెలిగించాను. దండల నారింజ రంగు గాఢతను పది శాతం తగ్గించాను. ఎడమవైపు బండను ఇంకాస్త చీకటి చేశాను. మొత్తం ఫొటో మీద సాచురేషన్ పెంచాలని చెయ్యి లాగుతుంది. పెంచితే మళ్లీ అన్నీ ఒకే ముద్ద అవుతాయి, మధ్యాహ్నమంతా బండ మోసింది వృథా. అక్షరాలు పసుపులో వద్దు, మీగడ రంగులో వేయించండి.

ఫ్లెక్సీ అచ్చు

రెండేళ్ల కిందట ఇంకో అంగడికి తీసిన ఫొటో ఫోనులో వెలిగిపోయింది. అచ్చయి వచ్చాక బంతిపూలు వేరుశనగ చిక్కీ రంగులో ఉన్నాయి. తప్పు ప్రింటర్‌దని గొడవపడ్డాను. తప్పు నాదే. స్క్రీన్ తన వెలుగుతో చూపించే గాఢమైన నారింజను నాలుగు రంగుల సిరా పూర్తిగా తేలేదు. ఎంత గాఢంగా పంపితే అంత గోధుమ రంగులోకి దిగుతుంది. నీడలు కూడా ఫ్లెక్సీ మీద ఇంకా నల్లబడతాయి.

అందుకే ఇప్పుడు రెండు ఫైళ్లు చేస్తాను. స్టేటస్‌కు ఉన్నది ఉన్నట్టు. ఫ్లెక్సీకి నీడలు కొంచెం లేపి, నారింజను మరికాస్త తగ్గించి, కాస్త లేతగా చేసినది. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. మొత్తం అచ్చు వేయించే ముందు లడ్డు, ఇత్తడి అంచు, ఒక పువ్వు మూడూ పడేలా అడుగు వెడల్పు ముక్క వేయించుకోవాలి. కడపలో నేను పనిచేసిన ప్రింటింగ్ అంగళ్లలో మిగిలిన ముక్క మీద వేసిస్తారు, ముందే అడగాలంతే.

ఆ ముక్కను ప్రింటర్ దగ్గరే చూసి సరే అనకండి. తీసుకొచ్చి అంగడి బోర్డు కింద, ఫ్లెక్సీ కట్టబోయే చోటనే పట్టుకుని, ఒకసారి ఎండలో, ఒకసారి రాత్రి అంగడి లైట్లు వేశాక చూడండి. మేం చూసినప్పుడు ఎండలో బాగుంది, రాత్రి తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఇత్తడి ఆకుపచ్చ కలిసిన నీలంలోకి పోయింది. బోర్డు మీద ఉన్న రెండు లైట్లలో ఒకటి తీసి పసుపు వెలుగు బల్బు పెట్టించాం. ఫైలును మళ్లీ ముట్టుకోవలసిన పని రాలేదు.